డిశ్చార్జి కాగితం మీద నాన్న పేరు

షుగర్ వల్ల నాన్న కాలి వేళ్లు రెండు తీసేశారు. అందుకు విజయవాడ ఆసుపత్రిలో ఏడు రోజులు ఉన్నాం. తిరువూరు వచ్చాక, ఆయన మంచం పక్కనే కూర్చుని బీమా కంపెనీకి ఉత్తరం రాశాను. నాన్న మామిడి తోటల్లో కోత మేస్త్రీ. ఆసుపత్రిలో పడుకుంటే రోజుకింత చొప్పున ఇచ్చే పాలసీకి ఏటా డబ్బు కట్టేవాడు. బిల్లు ఎంతయినా సంబంధం లేదు, చేరిన దగ్గర్నుంచి పూర్తయిన ప్రతి ఇరవై నాలుగు గంటలకూ ఇంతని లెక్క.

చేరిన తేదీ, విడుదలైన తేదీ రాసి, రోజుల సొమ్ము నాన్న ఖాతాలో జమ చేయమని కోరాను. ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సి కోడ్ రాసి, డిశ్చార్జి సమ్మరీ, ఫైనల్ బిల్లు, ఆధార్, పాస్‌బుక్ మొదటి పేజీ నకళ్లు జతపరిచాను. క్లెయిము ఫారం మీద నాన్న సంతకం పెట్టాడు. మనుషులతో మాట్లాడటం నాకు చేతకాదు గానీ, కాగితం మీద ఇలాంటివి బాగానే రాయగలను. ఆ డబ్బు వస్తే వారం వారం విజయవాడ వెళ్లి పుండుకు డ్రెస్సింగ్ చేయించుకోవచ్చు. డాక్టరు డ్రెస్సింగ్ ఆపకూడదని మరీ మరీ చెప్పారు.

ఉత్తరానికి జవాబు, ఆ పాలసీ కట్టించిన ఏజెంటు గారి ఫోన్‌కు వచ్చింది. ఆయన విస్సన్నపేట నుంచి బస్సెక్కి వచ్చి చూపించారు. పాలసీలో, బ్యాంకులో ఉన్న పేరు ఒకటి, డిశ్చార్జి సమ్మరీలో ఉన్న పేరు ఇంకొకటి. రోగి, పాలసీదారు ఒకరేనని రుజువు పంపాలి.

మా ఇంట్లో ఆ తేడా ఎవరికీ కనబడలేదు. నాన్నకు సర్టిఫికెట్లలో ఒక పేరు, బాప్తిస్మంలో పెట్టిన పేరు ఒకటి. చర్చిలో, తోటలో, వీధిలో అందరూ రెండో పేరుతోనే పిలుస్తారు. జ్వరంతో ఒళ్లు తెలియని మనిషిని హడావుడిగా చేర్చినప్పుడు ఆధార్ ఇంట్లోనే ఉండిపోయింది. కౌంటర్లో పేరడిగితే, అమ్మ తను రోజూ ప్రార్థనలో తలిచే పేరే చెప్పింది.

ఆసుపత్రి రికార్డు గదికి ఫోన్ చేశాను. ఆధార్‌తో పాటు, రెండు పేర్లూ ఒక్క మనిషివేనని నోటరీ అఫిడవిట్ తెస్తే సవరించి ఇస్తామన్నారు. స్టాంపు కాగితం కొని కోర్టు దగ్గర రాయించుకుంటే సరిపోతుంది, ఒక పూట పని అని ఏజెంటు గారు అన్నారు.

నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎందుకో అమ్మకు ముందు అర్థమైంది. మా ఎస్సీ కుల ధ్రువపత్రం ఆ సర్టిఫికెట్ పేరు మీదే ఉంది. క్రైస్తవులమని తేలితే ఆ ధ్రువపత్రం చెల్లదంటారు. టీచరు ఉద్యోగానికి నేను చదువుతున్నది దాన్ని నమ్ముకునే. ఇప్పుడు అఫిడవిట్ ఇస్తే, రెండు పేర్లూ పక్కపక్కనే పెట్టి, నాన్న తన చేత్తో సంతకం చేసిన కాగితం ఒకటి బయట తిరుగుతుంది.

“ఎవరు చూత్తారయ్యా దాన్ని? నీ పుండు చూసుకో ముందు,” అంది అమ్మ.

“చూడరనే అనుకుంటాం. ఉజ్జోగం వచ్చింతర్వాత గిట్టనోడు ఒక్కడు అర్జీ పెడితే చాలు.”

“వత్తే గదా ఉజ్జోగం.”

ఆ మాటకు నా ముఖం చూసి అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఏజెంటు గారు ఇబ్బందిగా లేచి, గడువు దాటకుండా చూడమ్మా, అని నాకు చెప్పి వెళ్లారు.

మర్నాడు నేనే నాన్న దగ్గర కూర్చున్నాను. ఉద్యోగం వస్తుందో రాదో తెలియదు, పుండు మాత్రం కళ్ల ముందే ఉంది, సంతకం చేయమని అడిగాను. అంత పొడుగు మాట నాన్నతో ఎప్పుడూ మాట్లాడి ఉండను.

“పుండు ఎప్పటికైనా మానుద్దమ్మా,” అన్నాడాయన. “కాగితం మానదు.”

బాప్తిస్మం పేరు అబద్ధమని రాయమంటే మాత్రం ఒప్పుకోనన్నాడు. అలా ఎవరూ అడగలేదని చెప్పాను. అయినా వినలేదు. ఏ పేరు తనదో చెప్పమని ఎవరో నిలదీస్తున్నట్టే ఉంది ఆయనకు.

గడువు లోపల కంపెనీ రెండుసార్లు గుర్తు చేసింది. తర్వాత రుజువులు అందనందున క్లెయిము మూసివేశామని మెసేజ్ వచ్చింది. నాన్నకు చదివి వినిపించాను. సరేలే, అన్నాడు.

విజయవాడ ప్రయాణాలు నెలకొకటి అయ్యాయి, ఆ తర్వాత అవీ లేవు. ఇప్పుడు కట్టు నేనే మారుస్తాను. సెలైన్‌తో కడిగి, గాజుగుడ్డ వేసి చుట్టేస్తాను. మూడో వేలు అడుగున నలుపు మొదలైంది. నేను పరీక్షకు చదువుకునే వేళ అయిందని నాన్న తొందరపెడతాడు. అమ్మ పక్కనే నిలబడి, ఆ పేరుతోనే ఆయన కోసం ప్రార్థిస్తుంది.