క్యాజువాలిటీ రిజిస్టర్‌లో రాసిన అబద్ధం

గంగాలమ్మకి కోపం ఎక్కువని మద్దిలపాలెంలో ఆమె దగ్గర చేపలు కొనే ఆడవాళ్లందరికీ తెలుసు. తెల్లారకముందే హార్బర్‌లో చేపల వేలంపాటకి వెళ్లి, బేసిన్‌లో ఐసు వేసుకుని, ఎనిమిదింటికల్లా వీధుల్లోకి వచ్చేది. చేప మొప్ప ఎత్తి చూసి ముక్కు విరిచేవాళ్లని ఊరుకునేది కాదు. "కంపు కొడితే కొనకు, ముక్కు మూసుకుని బేరవాడకు," అనేది. భర్త వేటకి వెళ్లి తిరిగి రాని ఏడాది నుంచీ ఆ బేసిన్ మీదే కూతురు సాయిదుర్గని బీకాం చదివించింది. సాయిదుర్గ ద్వారకా నగర్‌లో ఒక ఆడిటర్ దగ్గర పని చేస్తోంది. తన జీతంలోంచే ఇద్దరి పేరా ఆరోగ్య బీమా తీసుకుంది. ఏటేటా డబ్బు కట్టడం దండగని గంగాలమ్మ గొణిగితే, "రోగం సెప్పి రాదు కదమ్మా," అనేది.

వచ్చింది రోగం కాదు. ఒక ఆదివారం మధ్యాహ్నం తగరపువలసలో స్నేహితురాలి ఇంటికని స్కూటీ మీద బయలుదేరిన సాయిదుర్గని హైవే మీద వెనక నుంచి ఒక కారు గుద్దింది. హెల్మెట్ ఉండబట్టి తల దక్కింది. కింది దవడ రెండుచోట్ల విరిగింది. ఎడమ భుజం దగ్గర ఎముక విరిగింది. ఎవరో కుర్రాడు తీసుకొచ్చి హైవే పక్కనున్న ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చి వెళ్లిపోయాడని తెలిసి, గంగాలమ్మ తడిసిన చీరతోనే పరుగెత్తింది.

మర్నాడు ఆసుపత్రి బీమా కౌంటర్‌లో గురునాథరావు ఆమెని పిలిచాడు. యాభై దాటినవాడు. కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే మాట్లాడతాడు.

"మీ కంపెనీకి అప్రూవల్ కోసం పంపాను. వాళ్లు క్వెరీ పెట్టారు. యాక్సిడెంట్ కేసు కాబట్టి ఎమ్మెల్సీ కాపీ కావాలి, ఎఫ్ఐఆర్ కాపీ కావాలి, ప్రమాదం ఎలా జరిగిందో రాసివ్వాలి. పేషెంటు మద్యం మత్తులో లేదని డాక్టరు రాసివ్వాలి."

ఆఖరి మాటకి గంగాలమ్మ ముఖం ఎర్రబడింది. "మత్తేటి? మా పిల్ల తాగీసి బండెక్కిందనా? ఎవులన్నారు?"

"ఎవరూ అనలేదమ్మా. యాక్సిడెంటంటే అందర్నీ అడుగుతారు."

"ఎమ్మెల్సీ అంటే ఏటి?"

దెబ్బల కేసు ఏది వచ్చినా క్యాజువాలిటీ డాక్టరు ఒక రిజిస్టర్‌లో రాస్తాడనీ, ఎవరు తెచ్చారో, ఏం జరిగిందని చెప్పారో, ఏ దెబ్బలున్నాయో అందులో ఉంటుందనీ, పోలీసులకి కబురు వెళుతుందనీ గురునాథరావు చెప్పాడు. తర్వాత కాస్త తటపటాయించి అన్నాడు. "మీ అమ్మాయి కేసులో, స్కూటీ జారి తనే పడిందని రాసుంది. అందుకే పోలీసులు ఎఫ్ఐఆర్ వెయ్యలేదు. ఎఫ్ఐఆర్ లేదు గనక కంపెనీ ఒప్పుకోవడం లేదు."

గంగాలమ్మ మంచం దగ్గరికి వెళ్లింది. సాయిదుర్గ నోరు తెరవలేదు. పళ్ళని తీగతో బిగించారు. కుడి చెయ్యి బాగానే ఉంది కాబట్టి నోట్‌బుక్ అడిగి రాసింది. గంగాలమ్మకి చదవడం రాదు. పక్క బెడ్ దగ్గరున్న నర్సు చదివిపెట్టింది: 'నేను జారలేదు. వెనక నుంచి తెల్ల కారు గుద్దింది. దిగినవాడే నన్ను కార్లో ఎక్కించాడు. "పోలీసులకి చెప్పొద్దు, ఖర్చు నేను పెట్టుకుంటాను" అన్నాడు. నాకు మాట రావడం లేదు.'

"అంటే, గుద్దినోడే తెచ్చి, గుద్దినోడే సెప్తే, మీరు రాసీసినారా?" అని గంగాలమ్మ నర్సు మీద పడింది. నర్సుది తప్పు కాదని ఆమెకి తెలుసు. కానీ ఆ క్షణాన ఎదురుగా ఉన్నది ఆమే.

ఆసుపత్రి వాళ్లు ఎమ్మెల్సీ కాపీ పోలీసులకే ఇస్తామన్నారు. కౌంటర్ దగ్గర ఆమె గొంతు వార్డు దాకా వినబడింది. అప్పుడు దవడ ఆపరేషన్ చేయబోయే డాక్టర్ నీలిమ వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. కేకలకి కోప్పడలేదు.

"పేషెంటుగా మీ అమ్మాయి రాతపూర్వకంగా అడిగితే తన రికార్డుల కాపీలు ఇవ్వాల్సిందే, మూడు రోజుల్లో. నేను చెప్తాను," అంది. తర్వాత రిజిస్టర్ తెప్పించి చూసింది. "ఇందులో ఉన్నది నేను చెరపలేను. చెరిపితే అది ఇంకా పెద్ద తప్పు. ఆ రోజు ఎవరో చెప్పింది డాక్టరు రాశాడు. కానీ ఎవరు చెప్పారో కూడా రాశాడు. చూడండి, పేరు కార్తీక్. ఫోన్ నంబరు కూడా ఉంది. మీ అమ్మాయి నోటి నుంచి మద్యం వాసన లేదని కూడా రాశాడు."

గంగాలమ్మ ఆ గీతల్ని చూస్తూ ఉండిపోయింది. ఒక్క అక్షరమూ తెలియదు. "సదువుకున్నోల్లు మా పిల్ల తలరాత ఎవుడో సెప్పిన అబద్దంతో రాసీసినారమ్మా," అంది. "దాన్నొక్కపాలి అడగలేదు."

"అప్పుడు తను మాట్లాడలేని స్థితిలో ఉంది. ఇప్పుడు రాయగలదు. పోలీసులు వచ్చి వాంగ్మూలం తీసుకోవచ్చు. స్పృహలో ఉందని నేను సంతకం పెడతాను."

ఆపరేషన్ ఆపడానికి లేదు. బీమా వాళ్లు క్యాష్‌లెస్ తిరస్కరించారు. బిల్లు కట్టి తర్వాత రాబట్టుకోవచ్చన్నాడు గురునాథరావు. గంగాలమ్మ మెడలో ఉన్నవీ, చేతికున్నవీ తాకట్టులోకి వెళ్లాయి. ఎంతకని ఆమె ఎవరికీ చెప్పలేదు.

పోలీస్ స్టేషన్‌కి వెళ్లిన మొదటిరోజు, ప్రమాదం జరిగిన చోటు వేరే స్టేషన్ పరిధి అన్నారు. ఆ స్టేషన్‌కి వెళితే, ఆసుపత్రి నుంచి కబురు అందింది, స్వయంగా పడినట్టు ఉంది కాబట్టి డైరీలో రాసి ఊరుకున్నామన్నారు. అక్కడి హెడ్ కానిస్టేబుల్ శ్రీరామ్మూర్తి తెల్లకాగితం మీద పెన్ను ఆడిస్తూ అన్నాడు.

"అమ్మా, ఇప్పుడు కేసు పెడితే ఏటొస్తాది? కోర్టు సుట్టూ తిరగాల. ఆల్లతో మాటాడి ఏదో సర్దుకోరాదా?"

"ఆల్లంటే ఎవులు బాబూ? నాను ఇంకా పేరు సెప్పలేదు. నీకెలా తెలుసు?"

శ్రీరామ్మూర్తి పెన్ను ఆగింది. స్టేషన్‌లో ఇంకో ఇద్దరు తలెత్తి చూశారు.

"నాను ఊరికే అన్నానమ్మా."

"ఊరికే అనీవోడివి కాదు నువ్వు. గుద్దినోడు ముందే వచ్చి నీతో మాటాడీసినాడు. నా కూతురు మాటాడ్డం లేదు, నోరు తీగలేసి కట్టీసినారు. దాని బదులు నాను మాటాడుతున్నాను. నువ్వు రాసుకోకపోతే కమీషనర్ ఆఫీసుకి రిజిస్టర్ పోస్టు పంపుతాను. పంపొచ్చని కూడా తెలుసు. సదువు రాదని నన్ను మోసం సెయ్యలేవు, మా పిల్లకి వచ్చు."

ఆమె బెంచీ మీద కూర్చుంది. మధ్యాహ్నం దాటింది. ఎవరూ పిలవలేదు. ఆమె లేవలేదు. చివరికి లోపలి నుంచి ఎస్ఐ వీరేంద్ర వచ్చి విషయం విన్నాడు. రిజిస్టర్ కాపీ చదివాడు. కార్తీక్ నంబరుకి స్టేషన్ ఫోన్ నుంచే చేయించాడు. అవతలి గొంతు మొదట యాక్సిడెంటే తెలియదంది. "మరి ఆసుపత్రిలో మీ పేరు ఎలా ఉంది?" అని అడిగితే లైను తెగిపోయింది.

సాయంత్రం శ్రీరామ్మూర్తే ఆసుపత్రికి వచ్చాడు. సాయిదుర్గ రాసిచ్చిన వాంగ్మూలం మీద ఆమె సంతకం, పక్కన నీలిమ సంతకం తీసుకున్నాడు. మర్నాడు నిర్లక్ష్యంగా బండి నడిపినందుకు కేసు నమోదైంది. ఎఫ్ఐఆర్ కాపీ గంగాలమ్మ చేతికి ఉచితంగా ఇచ్చారు. రెండు రోజుల్లో కార్తీక్ కారు ఒక షెడ్డులో దొరికింది. ముందు బంపర్ మార్చేస్తున్నారు. పాతది ఇంకా మూలన పడి ఉంది.

ఇక అయిపోయిందనుకుంది గంగాలమ్మ. డిశ్చార్జి అయ్యాక బిల్లులు, రిపోర్టులు, ఎక్స్‌రేలు, ఎమ్మెల్సీ, ఎఫ్ఐఆర్ అన్నీ సాయిదుర్గే వరసపెట్టి బీమా ఆఫీసుకి పంపింది. నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. ఎమ్మెల్సీలో ఒక కథ, ఎఫ్ఐఆర్‌లో ఇంకో కథ ఉన్నాయనీ, ఎఫ్ఐఆర్ నాలుగు రోజులు ఆలస్యమనీ, ఈ తేడాకి సంతృప్తికరమైన వివరణ లేనిదే పరిష్కరించలేమనీ రాశారు.

సాయిదుర్గ చదివి వినిపించింది. దవడ ఇంకా పూర్తిగా తెరుచుకోదు. మాటలు పళ్ల సందుల్లోంచి వస్తున్నాయి. వింటున్నంతసేపూ గంగాలమ్మ చేపల పొలుసు గీరుతూనే ఉంది. ఆఖర్న కత్తిపీట పక్కకి నెట్టి లేచింది.

"పద. ఆ ఆఫీసుకి."

ద్వారకా నగర్‌లో రెండో అంతస్తులో ఉన్న ఆఫీసులో ఏసీ చల్లగా ఉంది. ఎదురుగా ఉన్న అధికారి మర్యాదగానే మాట్లాడాడు. ఫైల్లో వైరుధ్యం ఉందన్నాడు.

"బాబూ, ఒక్కమాట సెప్పు," అంది గంగాలమ్మ. "ఆడు సెప్పినట్టు మా పిల్ల జారిపడితే, మీ పాలసీ ఇవ్వదేటి?"

"ఇస్తుందమ్మా. అదీ ప్రమాదమే."

"కారు గుద్దితే?"

"అప్పుడూ ఇస్తుంది."

"జారినా ఇస్తారు, గుద్దినా ఇస్తారు. మరి ఏది నిజమో తేలేదాకా ఏదీ ఇవ్వరా? గుద్దినోడి అబద్దానికి ఆడు కట్టాలి గాని మేమెందుకు కట్టాలి? దవడ ఇరిగిందా లేదా అన్నది సూడు. ఎక్స్‌రే ఉంది, సూడు!"

అధికారి ఆమెని కాదు, ఫైలుని చూశాడు.

సాయిదుర్గ నీలిమ ఇచ్చిన సర్టిఫికెట్ బల్ల మీద పెట్టింది. ప్రమాద వివరం చెప్పింది తీసుకొచ్చిన వ్యక్తేననీ, పేషెంటు అప్పుడు మాట్లాడలేని స్థితిలో ఉందనీ, మద్యం లక్షణాలు లేవనీ, దెబ్బలు వెనక నుంచి వాహనం గుద్దితే తగిలే దెబ్బలతో సరిపోతాయనీ అందులో ఉంది. దానితోపాటు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి తను రాసిన ఉత్తరం ఉంది. అక్కడ న్యాయం జరగకపోతే బీమా తగాదాలు తీర్చే అంబుడ్స్‌మన్‌కి వెళతానని రాసింది. అందుకు ఒక్క పైసా ఫీజు లేదని కూడా చివర్లో రాసింది. "ఇంకా ఏం కాగితం కావాలో రాతలో ఇవ్వండి," అంది. మాట నెమ్మదిగా, వంకరగా వచ్చింది గానీ స్పష్టంగానే వచ్చింది.

పదిహేను రోజుల్లో క్లెయిమ్ పాసైంది. గ్లౌజులు, రిజిస్ట్రేషన్ ఫీజు లాంటివి మినహాయించారు. తాకట్టు విడిపించుకోవడానికి ఆ డబ్బు సరిపోయింది, వడ్డీకి సరిపోలేదు.

కార్తీక్ మీద కేసు కోర్టులో నడుస్తోంది. నష్టపరిహారం కేసు వేరే వేశారు. మొదటి వాయిదాకి ముందు కార్తీక్ తండ్రి పళ్ల సంచితో వాళ్లుండే పేటకి వచ్చాడు. కుర్రాడు భయపడి అలా చెప్పాడు, రాజీ పడదామన్నాడు. గంగాలమ్మ అరుగు మీద కూర్చుని సావధానంగా విన్నది.

"గుద్దినందుకు కాదు బాబూ నా కోపం," అంది. "గుద్దడం ఎవులికైనా జరుగుద్ది. నోరు పడిపోయిన పిల్లని పక్కన పడుకోబెట్టుకుని, దాని తప్పే అని సెప్పినాడు సూడు, దానికి. కోర్టులో అదే మాట సెప్పమను. మా పిల్ల ఇప్పుడు మాటాడతాది."

సంచి అతని చేతికే తిరిగిచ్చి, బేసిన్ ఎత్తుకుని వీధిలోకి వెళ్లిపోయింది.