నాలుగు నిమిషాల తేడా

బాబ్జీ పోయాక పోతనాళ బస్టాండు దగ్గరి గృహోపకరణాల దుకాణాన్ని అతని అన్న శివరామకృష్ణయ్య చూసుకుంటున్నాడు. దుకాణం పేరు మీదున్న ఇన్‌స్టాగ్రామ్ పేజీ మాత్రం బాబ్జీ భార్య కుసుమ చేతికి వచ్చింది. తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయినా, ఫోనులో ఫొటోలు పక్కపక్కన అతికించి కింద రెండు ముక్కలు రాయడం ఆమెకు మొగుడే నేర్పాడు. మధ్యాహ్నాలు ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ పనిలో పడితే కాస్త పొద్దుపోతుంది.

ఆ వారం బావగారు రెండు గ్రైండర్లు ఇంటికి పంపాడు. రెండూ రెండు లీటర్లవే, ధర కూడా ఇంచుమించు ఒకటే. ఒకటి గిన్నె వంచితే పిండి జారేది. రెండోది గిన్నె ఎత్తి తీయాల్సింది. ఏది కొనాలో జనానికి తెలిసేలా, వేలితో పక్కకి జరుపుతూ చూసే బొమ్మల పోస్టు పెట్టమన్నాడు.

కుసుమ ఒకే గిన్నెలో కిలో మినపగుళ్లు నానబోసింది. మూడు గంటలయ్యాక సగం గుళ్లు గిన్నె ఎత్తేదానిలో రుబ్బింది. పిండి చుక్క నీళ్లలో వేస్తే తేలేదాకా ముప్పై నిమిషాలు పట్టింది. అన్నీ కడుక్కుని మిగతా సగం వంచేదానిలో వేస్తే ఇరవయ్యారు నిమిషాలకే తేలింది. ఇంకేం, మొదటి బొమ్మ మీదే "వంచేదానితో నాలుగు నిమిషాలు ఆదా" అని పెద్దక్షరాలతో రాసింది. తర్వాత మూడు బొమ్మలూ దాని గురించే. రెండోది చివర్న ఒక్క బొమ్మలో సర్దుకుంది.

రెండోరోజు బస్టాండు ముందు ఇడ్లీల బండి పెట్టుకునే నింగమ్మ గేటు దగ్గర నిలబడింది.

"అక్కా, మా బిడ్డ ఫోన్ల సూపిచ్చింది. రేపు గా వంచేదే తెచ్చుకుంట. దినాం మూడు వాయిలు రుబ్బాలె. వాయికి నాలుగు నిమిషాలంటే తక్కువా ఏంది?"

"నువ్వే ఒకసారి దుకాణానికెళ్లి చూసుకో, నింగమ్మా."

"సూసేదేముంది? నువ్వు రాసినవ్ గదా!"

ఆమె వెళ్లిపోయాక కుసుమ ఇంటి కోసం నానేసిన గుళ్లు కడుగుతూ ఒకదాన్ని గోటితో నొక్కింది. లోపల ఇంకా గట్టిగా ఉంది. మొన్న రెండో సగం అంత గట్టిగా లేదు. మొదటి సగం రుబ్బి, అన్నీ కడిగేసరికి గంట దాకా అయింది. ఆ గంటా అవి నానుతూనే ఉన్నాయి.

ఈసారి నాలుగు గిన్నెల్లో విడివిడిగా, గంటేసి తేడాతో నానబోసింది. నీళ్లు కొలిచి పోసింది. ముందు వంచేదానిలో రుబ్బింది. తర్వాత ఎత్తేదానిలో రుబ్బితే ఒక్క నిమిషమే ఎక్కువ పట్టింది. వరస మార్చి మళ్లీ రుబ్బితే ఆ నిమిషం ఎత్తేదానికే కలిసొచ్చింది.

బావగారికి ఫోను చేసింది.

"బావగారూ, ఆ పోస్టు తప్పండీ. గుళ్లు ఎక్కువ నాని మెత్తబడ్డాయి గానీ అందులో మిషన్ గొప్పేం లేదు. తీసేసి సరైనది పెడతాను."

"మూడొందల మంది మెచ్చుకున్నారు కదమ్మా! పైగా వంచేవే ఎనిమిది పడున్నాయి. ఆ ఒక్క బొమ్మా తీసెయ్, సరిపోతుంది."

"మిగతావీ దాని భజనేనండీ. మొదటి బొమ్మ చూసి ఆగిపోయేవాళ్లే ఎక్కువ. నింగమ్మ నా మాట మీదే రేపు కొంటానంటోంది."



"మా తమ్ముడి తిక్కే నీకూ పట్టింది. సరే, కానియ్, కొత్తది పెట్టు."

కొత్త పోస్టులో రెండింటినీ ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి తీసింది. ఒక్కో బొమ్మలో ఒక్కటే సంగతి, అందులో రెండూ పక్కపక్కనే. రుబ్బే సమయం దాదాపు సమానం. బరువు ఇంత, ఎత్తు ఇంత. వంచేదానికి చేతులకు శ్రమ లేదు గానీ సందుల్లో పిండి చేరుతుంది. ఎత్తేది కడగడం తేలిక గానీ నిండు గిన్నె బరువు మోయాలి. రెండూ తమ దుకాణంలో అమ్మేవేననీ, ముందు పెట్టిన వేగం లెక్క ఎందుకు తప్పిందీ కూడా రాసింది. చివరి బొమ్మలో గెలుపు ఎవరికీ ఇవ్వలేదు: చేతి నొప్పులున్నవారికి వంచేది, రోజూ తీసి దాచుకునేవారికి ఎత్తేది.

పొద్దున్నే బండి దగ్గరికి వెళ్లి నింగమ్మకు తనే చూపించింది.

"మరి ముందుగాల గట్లెందుకు రాసినవ్?"

"సరిగ్గా చూసుకోలేదు. తప్పు నాదే."

నింగమ్మ ఇడ్లీ పాత్ర మూత దించి, బొమ్మలు ఒక్కొక్కటే జరిపింది. ఎత్తులున్న బొమ్మ దగ్గర ఆగింది.

"గీ అంకెలేంది?"

"వంచేది పద్దెనిమిది అంగుళాలు, ఎత్తేది పదమూడు."

"మాది ఒక్క అర్రే గదక్కా. రుబ్బినంక మిషన్ మంచం కిందికి పోవాలె. లేకుంటే కాళ్లు యాడ సాపుకుంటం?"

"గిన్నె బరువుగా ఉంటుంది మరి, చూసుకో."

"మా ఆయన ఎత్తుతడు తీయ్. ఇడ్లీలు ఊకెనే తింటుండు."

మధ్యాహ్నం దుకాణం నుంచి ఎత్తేది ఆటో ఎక్కింది. సాయంత్రం నింగమ్మ ఫోను చేసింది.

"దూరిందక్కా! మీద ఇంక రెండు వేళ్ల సందుంది."

"గిన్నె ఎత్తడం ఎలా ఉంది?"

"బరువే ఉంది. నువ్వు రాసినట్టే ఉంది."