హోస్ట్స్ ఫైల్లో నేను రాసిన ఒక లైను

నేను కంప్యూటర్ ఎక్కడా చదువుకోలేదు. ఎనభైలలో నూజివీడు గ్రంథాలయంలో ఇంగ్లీషు పుస్తకాలు నిఘంటువు పక్కన పెట్టుకుని చదవడం అలవాటు చేసుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత ఇంటర్నెట్ సెంటర్ పెట్టినప్పుడు విండోస్ బదులు వాడే లైనక్స్ కూడా అలాగే నేర్చుకున్నాను. నా ఐదు కంప్యూటర్లలోనూ అదే ఉండేది. ఊళ్లో ఇంకెవరికీ రాదని నాకు గర్వం.

ఇంజనీరింగ్ కౌన్సెలింగులో కాలేజీల ఎంపిక నమోదుకు అది ఆఖరి రోజు. సాయంత్రం ఐదుకి ముగుస్తుంది. మామిడి తోటలో కోత పనిచేసే ఆయన, కూతురిని తీసుకుని మూడింటికి వచ్చాడు. ఆ అమ్మాయి చేతిలో నోటుబుక్కు కాగితం, అందులో వరసగా కాలేజీల పేర్లు.

కౌన్సెలింగ్ సైటు తెరుచుకోలేదు. చక్రం తిరిగి తిరిగి, సర్వర్ స్పందించడం లేదని వచ్చింది. ఐదు కంప్యూటర్లలోనూ అంతే. మిగతా సైట్లన్నీ బాగానే వస్తున్నాయి.

“నిన్న సాయంత్రం దాకా వచ్చిందమ్మా. డీఎన్ఎస్ తేడా అయ్యుంటుంది” అన్నాను.

“అంటే ఏంటి సార్?”

“సైటు పేరు చెబితే దాని నంబరు చెప్పే సర్వర్. ఆ నంబరు లేకపోతే కంప్యూటర్ ఎక్కడికీ వెళ్లలేదు.”

ఏ సర్వర్ని అడగాలో రాసి ఉండే రిజాల్వ్ కాన్ఫ్ ఫైలు తెరిచి వేరే సర్వర్ పెట్టాను. మోడెం ఆపి మళ్లీ వేశాను. పేరుకి నంబరు అడిగే ఎన్ఎస్‌లుకప్ కమాండు కొట్టి చూస్తే నంబరు వెంటనే వచ్చింది. అంటే డీఎన్ఎస్ బాగుంది, సైటే పడిపోయింది అనుకున్నాను.

నాలుగు దాటాక తండ్రి బస్టాండు వైపు వెళ్లి పరుగున వచ్చాడు. “అక్కడి సెంటర్లో తెరుచుకుంటంది సార్. కానీ పాతికమంది ఉన్నారు వరసలో. మన వంతు వచ్చేసరికి టైం అయిపోద్దంట.”

“ఉండండి, నేనే తెరుస్తాను.”

“గంటనించి అదే అంటన్నారు మీరు” అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే భరించలేకపోయాను.

అవతలి సర్వర్ పలుకుతుందో లేదో చూద్దామని, సైటు పేరు పెట్టి పింగ్ కొట్టాను. జవాబు రాలేదు. కానీ పైన కనిపించిన నంబరు ఇందాక ఎన్ఎస్‌లుకప్ చూపించింది కాదు. ఒక పేరుకి రెండు నంబర్లు! అప్పుడు గుర్తొచ్చింది హోస్ట్స్ ఫైలు.

ఎన్ఎస్‌స్విచ్ కాన్ఫ్ ఫైలులో ‘hosts: files dns’ అని ఉంటుంది. పేరు ముందు కంప్యూటర్‌లోనే ఉన్న హోస్ట్స్ ఫైల్లో వెతకాలి, అక్కడ లేకపోతేనే డీఎన్ఎస్‌ని అడగాలి అని దానర్థం. బ్రౌజరూ, పింగూ ఆ వరసే పాటిస్తాయి. ఎన్ఎస్‌లుకప్ మాత్రం ఆ ఫైలు వంక చూడకుండా నేరుగా డీఎన్ఎస్‌నే అడుగుతుంది. కిందటేడు ఈ రోజుల్లోనే డీఎన్ఎస్ మొరాయిస్తే, సైటు నంబరు కనుక్కుని హోస్ట్స్ ఫైల్లో రాసింది నేనే, ఐదు కంప్యూటర్లలోనూ. “ఊరంతా ఆగినా మన దగ్గర ఆగదు” అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాను. ఆ రోజు ఉదయం సైటు వేరే నంబరుకి మారింది. నా ఫైల్లో పాతదే ఉంది.

ఆ లైను తీసేశాను. బ్రౌజర్ మూసి మళ్లీ తెరిచాను. సైటు వచ్చింది. టైము నాలుగూ నలభై అయిదు.

ఒక్కో కాలేజీ వెతికి అది ఎన్నో ఎంపికో నంబరు వేయాలి, పేజీ నెమ్మదిగా కదులుతోంది. అమ్మాయి కాగితం వంక చూసి, పైన ఉన్న ఆరు పేర్లూ అరచేత్తో మూసేసింది.

“అదేంటమ్మా, నీకు కావాల్సినవి అవేగా?”

“అవి వస్తాయో రావో సార్. అన్నీ వేసే టైం లేదు. తప్పకుండా వచ్చేవే ముందు వేస్తా.”

ఎనిమిది వేసి, ఐదుకి రెండు నిమిషాలుండగా, ఇక మార్చడానికి లేకుండా లాక్ చేసింది. తండ్రి నాకు దణ్ణం పెట్టాడు.

సీటొచ్చింది. ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా ఇచ్చారో తర్వాత చూశాను. ఆమె మూసేసిన పేర్లలో రెండోది ఆమె ర్యాంకుకి వచ్చేదే. రెండు రోజులు ఆ సంగతి దిగమింగుకుని, మూడో రోజు తోటకి వెళ్లి ఇద్దరికీ అంతా చెప్పాను.

తండ్రి కాయలు ఏరుతూనే, “పోనీండి సార్, సీటైతే వచ్చిందిగా” అన్నాడు.

అమ్మాయి ఊరుకోలేదు. “రాసినోళ్లు పని అయ్యాక తీసెయ్యాలిగా? ఎందుకు ఉంచారు సార్?”

“పని అయిపోయాక కూడా అది నాకు చెప్పుకోడానికి గొప్పగానే ఉందమ్మా.”

 ఆమె తండ్రి పక్కన కూర్చుని మచ్చపడ్డ కాయలు వేరు చేయడం మొదలుపెట్టింది.