ఖర్చు లేని మనిషి

మా అక్క సౌభాగ్య వ్యాపార్ విహార్‌లోని ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో బిల్టీలు రాస్తుంది. లారీలో ఏ సరుకు, ఎన్ని బస్తాలు, ఎవరికి చేరాలి అని రసీదు తయారుచేస్తే గానీ బండి కదలదు. అందుకని డ్రైవర్లు యజమాని కంటే అక్కకే ఎక్కువ భయపడతారు. నాన్న ఈ హిందీ ఊరి స్టేషన్లో కూలీగా పనిచేసి, పెన్షన్ లాంటిదేమీ లేకుండా పోయాక మా ఇల్లు నిలబడింది అక్క జీతం మీద, అమ్మ రుబ్బి అమ్మే అట్ల పిండి మీద. నేను తొమ్మిదో క్లాసుతో చదువు మానేసి అమ్మకు సాయంగా ఉండిపోయాను.

పెళ్లయ్యాక అక్క అర్పా నది అవతల రాజ్‌కిశోర్ నగర్‌లో అద్దెకు దిగింది. సూర్యం బావ రైల్వే షెడ్‌లో కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్. బాబుకు పది నెలలు నిండగానే యజమాని కబురు పెట్టాడు, ఒకటో తారీఖు నుంచి రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానని. ఆ ఆదివారం అమ్మా నేనూ అక్క ఇంట్లోనే ఉన్నాం. బాబు నేలమీద బోర్లా పడుకుని స్టీలు గిన్నెను గోడకేసి కొడుతున్నాడు.

"ఆయాని అడిగినాను," అంది అక్క. "సుకవారా బాయి అని, ఈ వీధిలోనే రెండిళ్లలో చేస్తాది. పొద్దున్నించి సాయంత్రం దాకా అయితే ఎనిమిదిన్నర వేలు. టీ, అన్నం మనదే. నెలకి నాలుగు రోజులు సెలవు, తీజా పండక్కి పుట్టింటికెళ్తే వారం రాదు. వంట ముట్టదు, గిన్నె కడగదు."

"నీ జీతం పదహారు," అన్నాడు బావ. "సగం ఆవిడకే ఇచ్చీసి, ఆవిడ సెలవు పెట్టిన రోజు నువ్వూ సెలవు పెట్టి, జీతం కోయించుకుంటావా? అచ్ఛా, ఆ డేకేర్ ఏటన్నాది?"

"అయిదు వేలు. చేరేటప్పుడు ఇంకో రెండు వేలు. పాలు, డబ్బా, డైపర్లు మనమే పంపాలి. ఆరుకి మూసెస్తారు. దాటితే అరగంటకి వంద. జొరమొస్తే రానివ్వరు."

"గుంటడికి జొరం రాకుండా ఏ నెల గడుస్తాదే?" అంది అమ్మ.

బాబు గిన్నె వదిలేసి అక్క చీర కుచ్చిళ్లు పట్టుకుని లేవబోతూ కూలబడ్డాడు. అక్క వాణ్ని ఎత్తుకుని మొహం అటు తిప్పుకుంది. అప్పుడు అమ్మే అంది, "ఎందుకొచ్చిన రాద్ధాంతం? నేనున్నాను కదా. పొద్దున్నే వచ్చి సాయంత్రం ఎల్తాను. నాకేటి ఖర్చు?"

"మరింకేటి! ఇంట్లో మనిషి ఉండగా లెక్కలెందుకు," అని బావ నవ్వేశాడు. అక్క కూడా నవ్వింది. ఆ నవ్వులో కళ్లు తుడుచుకోవడం కూడా కలిసిపోయింది. నేను అమ్మ వైపు చూశాను. పిండి మాట ఎత్తొద్దని అమ్మ కళ్లతోనే చెప్పింది.

పిండి సంగతి అక్కకు తెలియక కాదు. పొద్దున నానబోసి, మధ్యాహ్నం రుబ్బి, సాయంత్రం వాకిట్లో కొలిచి అమ్మే పని అది. వీధిలో అందరూ అసిరమ్మ పిండి అని అమ్మ పేరుతోనే అడిగేవాళ్లు. అమ్మ పగలంతా రాజ్‌కిశోర్ నగర్‌లో ఉంటే ఇక్కడ కుదుదండ్‌లో, మా ఇంట్లో, పప్పు ఎవరు నానబోస్తారు? గ్రైండర్ ఎత్తి కడగడం నావల్ల కాదు, చిన్నప్పుడు విరిగిన చెయ్యి సరిగా అతుక్కోలేదు. "రాత్రి పూట రుబ్బుతాను లే, ఇబ్బందేటి లేదు," అని అమ్మ అక్కతో చెప్పింది. వారం రోజులు అలాగే రుబ్బింది కూడా. తర్వాత నడుం పట్టేసి పిండి ఆగిపోయింది, దాచుకున్న డబ్బుతోనే నెట్టుకొచ్చాం. ఆ మాట మాత్రం అక్కకు చేరలేదు.

ఇంకొకటి కూడా ఉంది. పసివాడున్న ఇంటికి ఒట్టి చేతులతో వెళ్లకూడదని మా వాళ్ల పట్టింపు. ఎప్పుడో ఒకసారి చుట్టపుచూపుగా వెళ్లేవాళ్ల కోసం పెట్టిన పద్ధతి అది. అమ్మ రోజూ వెళ్తూ కూడా దాన్ని వదలలేదు. అరటిపళ్లో, బిస్కెట్లో, పాల ప్యాకెట్టో లేకుండా ఒక్కనాడూ గడప దాటలేదు. రెండు ఆటోలు మారి వెళ్లేది. నేను రోజూ పళ్లెందుకంటే, "వాడు నా చేతుల్లోకే చూస్తాడే, ఏటి చూపించమంటావు?" అనేది. అక్క ఛార్జీకని డబ్బిస్తే, కూతురి సొమ్ము తినే రోజులు ఇంకా రాలేదని బాబు దిండు కింద పెట్టేసి వచ్చేది.

అలా ఏడు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం అక్క బ్యాంకు పని మీద కుదుదండ్ వైపు వచ్చింది. ఎలాగూ వచ్చాను కదా అని మా ఇంటికి వస్తుంటే ఎదురింటి ఉషారాణి గేటు దగ్గర పట్టుకుంది. నేను గుమ్మంలోనే ఉన్నాను.

"ఏమే సౌభాగ్యా, మీ యమ్మని అలగ కట్టీసుకున్నావు! మేం షాపులో ప్యాకెట్ పిండి కొనుక్కుంటన్నాం, తెలుసా? ఒక్క అట్టు సరిగ్గా రాదు. మా ఆయన రోజూ అసిరమ్మ పిండి, అసిరమ్మ పిండి అని నా ప్రాణం తీస్తన్నాడు."

"అమ్మ రాత్రిపూట రుబ్బుతోంది కదా అత్తా?"

"ఎక్కడ రుబ్బుతాదే? నడుం పట్టీసి ఆర్నెల్లయింది. నీకు చెప్పలేదేటి?"

అక్క లోపలికి వచ్చింది. గ్రైండర్ మీద పాత తువ్వాలు కప్పి ఉంది. తువ్వాలు తీసి రాయి మీద చెయ్యి పెట్టి చూసింది. పొడిగా ఉంది. "పిండి మీద నెలకి ఎంతొచ్చేదే?" అని అడిగింది. ఖర్చులు పోను ఆరు వేలు మిగిలేదని చెప్పాను. "ఆటోకి?" వెయ్యి. "పళ్లకీ పాలకీ?" అదీ అంతే. అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు.

"ఎనిమిది వేలు," అంది అక్క. "ఆయా కంటే అయిదొందలే తక్కువ. డేకేర్ కంటే మూడు వేలు ఎక్కువ. ఇన్నాళ్లూ అది అమ్మ కట్టింది. నేనేమో మిగిలిన డబ్బుతో ఫ్రిజ్ కొన్నాను." నేను టీ పెడతానన్నా ఉండలేదు.

ఆ నెల జీతం రాగానే అక్క ఆరు వేలు అమ్మ చేతిలో పెట్టింది. అది తప్పయింది.

"ఏటిది?" అంది అమ్మ.

"నీ పిండి డబ్బులమ్మా. ఆయాకి ఇచ్చే బదులు..."

ఆ మాట పూర్తి కాకుండానే అమ్మ నోట్లు మంచం మీద పెట్టేసింది. "ఆయానా నేను? నా మనవడిని ఎత్తుకున్నందుకు కూలి ఇస్తన్నావా? మీ నాయన కూడా ఇలగే మూటకింతని పుచ్చుకునీవాడు. నేను మూట మొయ్యలేదే."

"అది కాదమ్మా..."

"రేపట్నించి నీ గుంటడిని ఎక్కడ పెట్టుకుంటావో పెట్టుకో."

కోపంలో అన్న మాటే. కానీ అక్క ఆ మాటనే పట్టుకుంది. ఇంకో రోజు అమ్మను పిలిస్తే ఇంకో రోజు దోచినట్టేనని నాతో అంది. సోమవారం బాబును డేకేర్‌లో చేర్చింది. వెళ్లేటప్పుడు వాడు తలుపు పట్టుకుని ఏడ్చాడట. వెనక్కి తిరిగి చూడొద్దని అక్కడి మేడమ్ చెప్పిందట. అక్క తిరిగి చూడలేదు. ఆటో ఎక్కాక, వాడు తన వీపునే చూస్తూ ఉండిపోయుంటాడని అనిపించింది, అదే ఆలోచనతో ఆఫీసులో రెండు బిల్టీల్లో బస్తాల సంఖ్య తప్పు రాసింది. ఇదంతా ఫోన్లో నాకు చెప్పింది. అమ్మ పక్కనే కూర్చుని పప్పులో రాళ్లు ఏరుతోంది. అన్నీ వింది, ఏమీ వినలేదన్నట్టుంది.

అమ్మ మళ్లీ పిండి మొదలుపెట్టింది. ఎత్తడం, కడగడం ఎదురింటి ఉషారాణి భర్త త్రినాథరావు మామ చేసిపెట్టేవాడు, అట్ల మీద ప్రేమతో. వాకిట్లో గిన్నెలు పట్టుకుని జనం చేరితే అమ్మ మొహం తేటగా ఉండేది. అందరూ వెళ్లిపోయాక మాత్రం, "ఈపాటికి తీసుకొచ్చీసి ఉంటాదా?" అని నన్ను అడిగేది.

రెండు వారాలు తిరక్కుండానే ఒక మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. బాబుకు జ్వరం తగిలింది, డేకేర్ వాళ్లు గంటలో తీసుకెళ్లమన్నారు. ఆఫీసు ముందు ఏడు లారీలు బిల్టీల కోసం ఆగి ఉన్నాయి. బావ షెడ్‌లో ఉన్నాడు, ఫోన్ తీయడం లేదు. "అమ్మనడగడానికి నాకు మొహం లేదే," అంది. ఫోన్ స్పీకర్లో ఉంది. అమ్మ అప్పటికే నానిన పప్పు ఫ్రిజ్‌లోకి నెట్టి చెప్పులు వేసుకుంటోంది. నేనూ అమ్మ వెంట బయల్దేరాను.

డేకేర్ గేటు దగ్గర మేడమ్ మర్యాదగానే మాట్లాడింది. కానీ బాబును ఇవ్వనంది. చేర్చిన రోజు ఎవరెవరు తీసుకెళ్తారో పేరు, ఫోటో ఇవ్వాలి. అక్క తన పేరు, బావ పేరు మాత్రమే ఇచ్చింది. ఫోన్లో చెప్తే చెల్లదట. తల్లో తండ్రో రావాలి.

"నేను వాడి అమ్మమ్మని," అంది అమ్మ, తెలుగులో. తర్వాత హిందీలో. మేడమ్ తల ఊపింది. "నమ్ముతున్నానమ్మా. రేపు ఇంకెవరైనా ఇలాగే చెప్పి పిల్లాడిని అడిగితే?"

అమ్మ వెళ్లి గేటు పక్క అరుగు మీద కూర్చుంది. లోపల ఏడుస్తున్నది మా వాడే. ఆ గొంతు అమ్మకు తెలుసు. మాటిమాటికీ లేచి నిలబడుతోంది, కూర్చుంటోంది. ఒళ్లో అరటిపళ్లు. బయటి తిండి లోపలికి తేకూడదని మేడమ్ ముందే చెప్పేసింది.

అక్క ఆటో దిగేసరికి ముప్పావు గంట పట్టింది. అరుగు మీద అమ్మను చూసి ఆగిపోయింది. "అమ్మా... నీ పేరు రాయించడం మర్చిపోలేదు. ఇంక నిన్ను పిలవకూడదనే రాయించలేదు."

"ముందు గుంటడిని తే," అంది అమ్మ.

తెచ్చాక వాడు అక్క చేతుల్లోంచి అమ్మ మీదకు వాలిపోయాడు. వేడి మొహాన్ని అమ్మ మెడలో దాచుకున్నాడు. అక్క చేతులు గాల్లో అలాగే ఉండిపోయాయి.

"ఇయ్యాల పిండి పోయిందా?" అని మెల్లగా అడిగింది.

"ఒక్కరోజుకేటి పోద్ది? రేపు రుబ్బుతాను." అమ్మ బాబు వీపు నిమురుతూ అంది, "ఒకటి చెప్తాను విను. ఇక్కడే ఉంచు వాణ్ని. ఆవిడ నన్ను కూడా రానివ్వలేదంటే మంచిదే, పిల్లల్ని బాగా చూస్తాది. జొరమొచ్చిన రోజు నాకు ఫోన్ చెయ్యి. ఆ రోజు డబ్బుల మాటెత్తితే ఊరుకోను. మిగతా రోజులు నా పిండి నాది."

"నెలకి ఎన్ని జొరాలొస్తాయో నీకు తెలుసు కదమ్మా."

"తెలిసే చెప్తన్నాను. నీ పని నువ్వు ఒగ్గీకు."

అక్క లోపలికి వెళ్లి అమ్మ పేరు రాయించింది. ఫోటో కావాలంటే గేటు దగ్గరే అమ్మను నిలబెట్టి ఫోన్లో తీసింది. బాబు దిగనన్నాడు, వాడి నెత్తి కూడా ఫోటోలో పడింది. పర్వాలేదంది మేడమ్.

యజమాని నుంచి మూడోసారి ఫోన్ వచ్చింది. ఇంటి తాళం, జ్వరం మందు నా చేతికిచ్చి, ఎన్ని చుక్కలు వెయ్యాలో రెండుసార్లు చెప్పి, అక్క ఆటో ఎక్కింది. బాబు నిద్రలోకి జారుతున్నాడు, అక్క వెళ్లడం చూడలేదు. అక్క మాత్రం ఈసారి మలుపు తిరిగేదాకా వెనక్కే చూస్తూ వెళ్లింది.