సారుకు పెట్టిన బొటనవేలు

నాకు కోపం తొందరగా వస్తుంది. నెల్లూరులో ఒక నీళ్ళ ల్యాబులో పద్నాలుగేళ్ళు రొయ్యల గుంటల నీళ్ళు పరీక్ష చేసినాను. సీసా నా ముందు పెట్టి, ఫలితం చెప్పకముందే "బాగుంది అని రాయండి మేడమ్" అనేవాళ్ళు కొందరు రైతులు. "నేను బాగుందని రాస్తే గుంట బాగవుతుందా?" అని కసిరేదాన్ని. వాళ్ళు నవ్వేసి, మళ్ళీ పది రోజులకు ఇంకో సీసా తెచ్చి మళ్ళీ అదే మాట అనేవాళ్ళు. అట్లాంటిదాన్ని, ఒకరోజు నేనే వాళ్ళకంటే అధ్వానంగా చేసినాను.

ల్యాబు మానేసిన తర్వాత ఒక చిన్న కంపెనీలో చేరినాను. రొయ్యల రైతులు ఫోన్లో తెలుగులో అడిగితే జవాబు చెప్పే చాట్‌బాట్ అది. రాయడం రానివాళ్ళు మాట్లాడి అడగొచ్చు. ప్రతి జవాబు కింద రెండు గుర్తులు: పైకి చూపే బొటనవేలు, కిందికి చూపే బొటనవేలు. వారానికోసారి ఆ నొక్కుళ్ళన్నీ ఒక షీటులో నా దగ్గరికి వచ్చేవి. పైకి వేళ్ళు ఎక్కువ పడిన జవాబుల్ని నేను ఏరి పెడితే, ఇట్లా చెప్పు అని బాట్‌కు నమూనాలుగా ఇచ్చేవాళ్ళు. కింది వేళ్ళు పడినవి తీసేసేవాళ్ళు. చెప్పుకోవడానికి చాలా తేలికైన పని.

మా టీముకు పెద్ద, తడ ఊరి మనిషి. నాకంటే పదేళ్ళు చిన్న, నన్ను అక్కా అంటాడు. నేను చేరిన నాలుగో నెలలో షీటు నా ముందు తిప్పి, "చూడక్కా, పై వేళ్ళు ఎట్లా పెరుగుతున్నాయో. నీ చెయ్యి మంచిది" అన్నాడు. నాకూ బాగానే అనిపించింది. పొగిడితే ఎవరికి చేదు.

కార్తీకం వానలప్పుడు, రెండు రోజులు మబ్బు వదలకుండా పట్టినాక, ఒక పొద్దున ఆఫీసు నంబరుకు ఫోన్ వచ్చింది. ఎత్తింది నేనే. అవతల ఒక రైతు. కొడవలూరు దగ్గర వరి చేసుకునే మనిషి, జువ్వలదిన్నె వైపు రెండు గుంటలు కౌలుకు తీసుకొని రొయ్య వేసినాడు. ఒక గుంట మొత్తం పోయిందని చెప్పినాడు. గొంతులో కోపం లేదు. "సారు చెప్పిన ప్రకారమే చేసినాను మేడమ్. ఎక్కడ తప్పు చేసినానో కొంచెం చూసి చెప్పండి" అన్నాడు.

ఏ సారు అని అడిగినాను. "అదే, ఫోన్లో సారు" అన్నాడు. మా బాట్‌ని ఆయన సారు అంటున్నాడు.

ఆయన సరేనంటేనే బాట్‌తో ఆయన మాటామంతీ తెరిచి చూసినాను. తెల్లవారుజామున అడిగినాడు: రొయ్య పైకి వచ్చి గట్ల వెంబడి తిరగతా ఉంది, ఏం చేయాలి? బాట్ జవాబు ఇది: మబ్బు రోజుల్లో రొయ్యలు కొంచెం పైకి రావడం మామూలే, కంగారు పడకండి, మేత ఎప్పటిలాగే వేయండి. దాని కింద పైకి చూపే బొటనవేలు. ఆయనే నొక్కినాడు.

రొయ్య పైకి వచ్చిందంటే నీళ్ళలో ఆక్సిజన్ తగ్గిందని. నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఉన్నవన్నీ తిప్పాలి, మేత ఆపాలి. ల్యాబులో చేరిన మొదటి వారంలో నేర్చుకున్న ముక్క అది. ఆ జవాబు బాట్ ఎక్కడ నేర్చిందా అని వెతికితే నా నమూనాల్లోనే దొరికింది. అంతకు ముందు నెలల్లో బాట్ ఇదే ప్రశ్నకు ఒక్కొక్కసారి ఒక్కో రకంగా చెప్పేది. ఏరేటర్లు వేయండి, మేత ఆపండి అన్న జవాబులకు కింది వేళ్ళు పడినాయి. కంగారు పడకండి అన్నవాటికి పై వేళ్ళు పడినాయి. షీటులో జవాబు మొదటి వరసే కనిపిస్తుంది. మొత్తం తెరవాలంటే ఇంకో నొక్కు. ఆ ఒక్క నొక్కుకు నాకు బద్ధకమైంది. అంకె చూసి ఏరినాను. నా బుద్ధి గడ్డి తిన్నది, ఇంకో మాట లేదు.

మర్నాడు బస్సెక్కి ఆయన గుంట దగ్గరికి పోయినాను. నీళ్ళు తోడేసిన గుంట వాసన నాకు కొత్త కాదు, అయినా ఆ రోజు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. ఆయన గట్టు మీద నాకు కుర్చీ వేసి టీ తెప్పించినాడు. అది ఇంకా కష్టమైంది.

"ఆ జవాబుకు పై వేలు ఎందుకు నొక్కినారన్నా?" అని అడిగినాను.

"సారు చెప్పినాడు కదా మేడమ్. చూసినానని తెలియాలి కదా" అన్నాడు. వాళ్ళ వాట్సాప్ గ్రూపులో మేత కంపెనీ టెక్నీషియన్ ఏ మాట పెట్టినా అందరూ బొటనవేలు పెడతారు. పెట్టకపోతే తన మాట లెక్క చేయలేదని ఆయన నొచ్చుకుంటాడంట. ఆ మర్యాదే ఇక్కడా చేసినాడు. గుంట పోయినాక ఆ వేలు తీసి కిందికి పెట్టొచ్చు కదా అన్నాను. "జరిగిపోయినదానికి సారును అనడం ఎందుకు?" అన్నాడు.

నిజం ఆ రోజు చెప్పేసినాను. ఆ జవాబును మంచిదని ఏరింది నేనే అన్నా, తప్పు నాది, కంపెనీలోనూ అదే చెప్తాను అన్నాను. ఆయన పక్క గుంట వైపు చెయ్యి చూపించి, "అది ఇంకా నలభై రోజులుండాలి రొయ్య పట్టుబడికి. మళ్ళీ మబ్బు పడితే నేను ఎవరిని అడగాల? అది చెప్పండి" అన్నాడు. నా ఫోన్ నంబరు ఇచ్చినాను. కానీ ఆయనొక్కడికి నంబరు ఇస్తే సరిపోతుందా? తెల్లవారుజామున రొయ్య పైకొచ్చిందని బాట్‌ని అడిగేవాళ్ళు ఆ తీరమంతా ఉన్నారు.

ఆఫీసుకు వచ్చి, ముందు ఆ నమూనాలు తీయించినాను. తర్వాత కింది వేళ్ళన్నిటినీ మొదటి నుంచి చివరిదాకా చదివినాను. చదివితే తెలిసింది, ఆ నొక్కుళ్ళలో సగానికి జవాబుతో సంబంధమే లేదు. రొయ్య రేటు తగ్గిందని ఉన్నది ఉన్నట్టు చెప్పిన జవాబుకు కింది వేలు, రేటు మీద కోపంతో. మందు వేయకండి, పనిచేయదు అంటే కింది వేలు. జవాబును చదివి వినిపించే గుర్తు పక్కనే కింది వేలు ఉంది, తడి చేత్తో అది తగిలినవి కొన్ని. ఇక అసలు ఏదీ నొక్కనివాళ్ళే ఎక్కువ. వాళ్ళ సంగతి మేము ఎప్పుడూ చూడనే లేదు. మంచి మాటకు పైకి, చేదు మాటకు కిందికి, మర్యాదకు పైకి. దీన్ని పట్టుకొని బాట్‌కు చదువు చెప్పినాం.

అప్పుడు పని తిప్పి చేసినాం. వేలు తీర్పు కాదు, ఇక్కడ ఒకసారి చూడు అని చెప్పే గుర్తు మాత్రమే. కింది వేలు పడినవి, పై వేలు పడినవి, ఏమీ పడనివి లాటరీ తీసినట్టు కొన్ని, మూడు రకాలూ తెచ్చినాం. పేర్లు, ఫోన్ నంబర్లు, ఊళ్ళు తీసేసినాం. రైతు అడిగిన మాట మాత్రం తప్పులతో సహా అట్లానే ఉంచినాం, ఎందుకంటే రేపు అడిగేవాళ్ళూ అట్లానే అడుగుతారు. ఒకే రకం ప్రశ్నలు ఒక చోట చేర్చి, ఒక్కొక్కదానికి జవాబులో ఏం ఉండి తీరాలో, ఏం ఉండకూడదో రాసినాం. రొయ్య పైకొచ్చిన ప్రశ్నకు: ఏరేటర్లన్నీ వెంటనే వేయమనాలి, రొయ్య దిగేదాకా మేత ఆపమనాలి, ఆక్సిజన్ కొలవమనాలి. మామూలే అనకూడదు. నేను రాసినదాన్ని ల్యాబులో నాకు పని నేర్పిన పెద్దాయన చూసి దిద్దినాడు. ఆయనకు షీటులోని వేళ్ళ గడి చూపించలేదు, చూస్తే ఆయన మనసూ అటే పోతుందని. బాట్ కొత్తది తయారైన ప్రతిసారీ ఈ ప్రశ్నలు ఒక్కొక్కటి ఐదేసి సార్లు అడగాలి, ఎందుకంటే అది ఒకసారి చెప్పినట్టు ఇంకోసారి చెప్పదు. ఈ ప్రశ్నలు మళ్ళీ నమూనాల్లోకి పోకూడదు. పోతే పరీక్ష పేపరు ముందే ఇచ్చినట్టు.

కొత్తది రొయ్య ప్రశ్నకు ఐదుకు ఐదుసార్లూ సరిగ్గా చెప్పినాక, దాన్ని రైతులందరికీ వదలమన్నాను. తడ మనిషి నసిగినాడు. ముందు కొందరు రైతులకు ఇచ్చి చూసినారు, పై వేళ్ళు పాతదానికంటే తగ్గినాయి. "పైవాళ్ళు ఆ అంకె ఒక్కటే చూస్తారక్కా. తగ్గిందేమని అడిగితే నేనేం చెప్పాల?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "గుంట పోయిందని చెప్పు. ఆ పోయిన గుంట మన లెక్కలో పై వేలుగా ఉందని చెప్పు. నువ్వు చెప్పలేకపోతే నేను వచ్చి చెప్తాను" అన్నాను. ఆ సాయంత్రం నేను రాసిన కాగితం పట్టుకొని తనే పైవాళ్ళ దగ్గరికి పోయినాడు. రెండు రోజులకు కొత్తది వదిలినారు. ఆ మనిషిని నేను తక్కువ అంచనా వేసినాను.

వదిలిన మూడో రోజు మళ్ళీ మబ్బు పట్టింది. పొద్దున లేస్తూనే కాఫీ కూడా తాగకుండా ల్యాప్‌టాప్ తెరిచినాను. రైతు తన మాటామంతీ చూడమని ముందే చెప్పి ఉన్నాడు కాబట్టి నేరుగా అక్కడికే పోయినాను. నాలుగూ యాభైకి అడిగినాడు. రెండో గుంటలో రొయ్య పైకొచ్చింది. బాట్ చెప్పాల్సింది చెప్పింది. దాని కింద, నిమిషంలోపే, కిందికి చూపే బొటనవేలు.

నమ్మలేదు అనుకున్నాను. మొదటి సారు ముంచినాడు, ఇంక ఈ సారు మాట ఎందుకు వింటాడు అనుకున్నాను. కిందికి జరిపితే ఇంకో ప్రశ్న ఉంది, ఎనిమిది నిమిషాల తర్వాత: నాలుగు ఏరేటర్లూ వేసినాను, మేత ఆపినాను, ఎంతసేపు తిప్పాల?

ఫోన్ చేసినాను. వెనక ఏరేటర్ల చప్పుడు వినిపిస్తా ఉంది.

"కింది వేలు ఎందుకు పెట్టినారన్నా?"

"ఆ మాట వినడానికి ఎవరికి బాగుంటుంది మేడమ్? చదవతానే పోయిన గుంట గుర్తొచ్చింది. ఏడుపొచ్చి నొక్కేసినాను. నొక్కి, పరిగెత్తిపోయి స్విచ్చులు వేసినాను."

"రొయ్య దిగిందా?"

"దిగింది. ఇప్పుడే దిగింది."

ఫోన్ పెట్టేసి వంటింట్లో నిలబడి ఏడ్చినాను. తర్వాత కాఫీ పెట్టుకున్నాను. ఆఫీసుకు పోయి, షీటులో ఆయన ప్రశ్నకు ఎదురుగా జవాబు సరైనదని రాసినాను. పక్క గడిలో కింది వేలు, దాన్ని దిద్దకుండా అట్లానే ఉంచినాను. ఆ వారం మా పై వేళ్ళ అంకె ఇంకా తగ్గింది. తగ్గిన ఆ వేళ్ళలో ఆయనది ఒకటి.