పసుపు పెట్టిన జవాబు

ఇంటర్వ్యూకి రమ్మని వచ్చిన కార్డు మా అమ్మ బియ్యం డబ్బాలో దాచింది. శనివారం సాయంత్రం నేను గుంటూరు ట్రైనింగ్ స్కూలు నుంచి ఇంటికి రాగానే చెయ్యి తుడుచుకుని, దాన్ని తీసి నా చేతిలో పెట్టింది. ఆమెకు చదువు రాదు. కార్డు మీద గుండ్రటి ముద్ర చూసి మంచి కబురే అనుకుంది.

మంచి కబురే. చీరాల దాటాక ఒక చిన్న టౌనులో ఆడపిల్లల హైస్కూలు వాళ్ళు పై వారం బుధవారం పొద్దున పది గంటలకు రమ్మన్నారు. చిక్కల్లా ఆ బుధవారమే, ఆ పది గంటలకే, గుంటూరులో నా చివరి పరీక్ష. పరీక్షాధికారి ఎదుట పిల్లలకు పాఠం చెప్పి చూపించాలి. అది తప్పితే సర్టిఫికెట్ లేదు, సర్టిఫికెట్ లేకపోతే ఈ ఉద్యోగమూ లేదు. అరవైల మొదట్లో, ఆ రెండింటి మధ్య ఇరుక్కున్న ఇరవై ఏళ్ళ పిల్లని నేను.

ఆదివారం పొద్దున్నే కూర్చుని జవాబు రాశాను. మూడుసార్లు చింపాను. మొదటిది బతిమాలుకున్నట్టుంది, రెండోది తగువుకు దిగినట్టుంది. ఇలాంటి ఉత్తరంలో ముందు ఒప్పుకోలు రావాలి, తరవాతే ఇబ్బంది అని మా ట్రైనింగ్ టీచరు చెప్పిన మాట గుర్తుపెట్టుకుని నాలుగోది రాశాను. ఫలానా తేదీ, ఫలానా నంబరు గల మీ కార్డు అందింది, పిలిచినందుకు కృతజ్ఞురాలిని, ఇంటర్వ్యూకి తప్పక హాజరవుతాను. అయితే అదే వేళకు నాకు పరీక్ష ఉంది, హాల్ టికెట్టు నకలు జతపరిచాను. మరునాడు గురువారం గానీ, శుక్రవారం గానీ మీకు వీలైన ఏ వేళకైనా రాగలను. కమిటీకి కలిగిస్తున్న శ్రమకు మన్నించ ప్రార్థన. ఇదీ సారాంశం, రాసింది ఇంగ్లీషులో. జవాబు కోసం నా హాస్టలు చిరునామా రాసిన కార్డొకటి లోపల పెట్టి కవరు అంటించాను.

అమ్మ చదివి చెప్పమంది. చెప్పాను.

"రానని రాశావా?" అంది.

"వస్తాననే రాశానమ్మా. రోజు మార్చమన్నాను, అంతే."

"వాళ్ళు పిలిచి ఉద్యోగం ఇస్తామంటే, ఆ రోజు నాకు తీరదంటే ఊరుకుంటారా తల్లీ? మనమేమన్నా జమీందార్లమా?"

"చదువుకున్నవాళ్ళు ఇలాగే రాసుకుంటారు. నీకు తెలీదులే," అన్నాను. ఆ రోజుల్లో ఆ మాట నా నోట్లో నానుతూ ఉండేది.

సోమవారం తెల్లారే నేను గుంటూరు బస్సెక్కాను. అమ్మ సత్తెనపల్లిలో ఒక మిరప కల్లంలో తాలుకాయలు ఏరే పనికి వెళ్ళేది. దారిలో పోస్టాఫీసు ఉంది కదాని కవరు ఆమెకే ఇచ్చాను.

హాస్టలుకు కార్డు రాలేదు. వారం గడిచింది. టెలిగ్రాం ఇవ్వవే అని పక్క మంచం అమ్మాయి రెండుసార్లు చెప్పింది. మౌనం అర్ధాంగీకారం అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. బుధవారం పరీక్ష బాగా చేసి, గురువారం పొద్దున రైలెక్కి ఆ స్కూలుకు వెళ్ళాను.

"ఇంటర్వ్యూలు నిన్ననే అయిపోయాయమ్మా," అన్నాడు గుమాస్తా. పెద్దాయన, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకున్నాడు. "మీరు రాలేదు. ఉత్తరం ముక్క కూడా రాయలేదని కమిటీవారు అన్నారు."

రాశానని చెప్పాను. ఆయన పాపం వచ్చిన ఉత్తరాలు ఎక్కించే ఆవకు పుస్తకం తీసి వేలు పెట్టి వెతికాడు. లేదు. లోపలికి వెళ్ళి హెడ్మిస్ట్రెస్ గారితో మాట్లాడాడు. కాసేపటికి ఆమే నన్ను పిలిచింది. ఆమె బల్ల మీద ఒక పక్కన శుభలేఖల దొంతర ఉంది. పెళ్ళిళ్ళ రోజులు, పిల్లల తల్లిదండ్రులంతా ఆమెను పిలిచేవాళ్ళే. ఆఫీసుకొచ్చే తపాలా అంతా గుమాస్తానే చింపి చూస్తాడు. శుభలేఖలు మాత్రం చింపకుండా ఆమె బల్ల మీద పెడతాడు, తీరిక దొరికినప్పుడు ఆమె చూసుకుంటుంది. ఆ దొంతరలోంచి ఒక కవరు లాగి, "ఇది మీదేనా?" అంది.

నా చేతిరాతే. నాలుగు మూలలా పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు.

ఆమె అప్పుడు చింపి చదివింది. హాల్ టికెట్టు నకలు కూడా విప్పి చూసింది. "చాలా పద్ధతిగా రాశారమ్మా. ఇది ముందే చూసుంటే శుక్రవారం పిలిచేదాన్ని. ఉన్నది ఒక్క పోస్టు. నిన్న సాయంత్రమే కమిటీ సంతకాలు చేసేశారు," అంది. మంచినీళ్ళు ఇప్పించింది. ఎవరినీ తిట్టడానికి వీల్లేకుండా పోయింది.

రైల్లో వచ్చినంతసేపూ కోపం పెరుగుతూనే ఉంది. నేను గడప దాటేసరికి అమ్మ మిరప ఘాటుకు మండుతున్న చేతులకు ఆముదం రాసుకుంటోంది. "ఏమన్నారమ్మా?" అని లేచింది.

"కవరుకి పసుపు ఎందుకు పెట్టావు?"

ఆమె మొహం వెలిగింది, మెచ్చుకుంటాననుకుంది. "రోజు మార్చమన్నావు గదా, వాళ్ళకి కష్టంగా ఉంటుందేమోనని. శుభంగా కనిపిస్తే కోపం రాదని పెట్టాను. ముత్తైదువ చేత పెట్టిద్దామనుకున్నా గానీ, కన్నతల్లి చెయ్యి కంటేనా అని నేనే పెట్టాను."

నాన్న పోయి అప్పటికి పదకొండేళ్ళు. ఊళ్ళో పెళ్ళికి పసుపు దంచుతుంటే ఆమె దూరంగా నిలబడేది. ఎవరైనా ఊరికి బయల్దేరుతుంటే గోడవారకు తప్పుకునేది. మా ఇంట్లో మాత్రం ఆ పట్టింపు లేదు. నా పరీక్షలన్నిటికీ ఆమే ఎదురొచ్చి పంపేది, నీకు నాకంటే మంచి శకునం ఎవరే అనేది. ఇదంతా నాకు తెలుసు. తెలిసే అన్నాను.

"నీ చెయ్యి పడింది గదా, ఇంకేం బాగుపడుతుంది."

ఆమె ఆముదం గిన్నె పక్కకు జరిపి, లోపలికి వెళ్ళి నాకు అన్నం పెట్టింది. టెలిగ్రాం ఇవ్వని బద్ధకం నాది, కార్డు రాకపోయినా ధీమాగా కూర్చున్న పొగరు నాది. ఆ మాట ఆ పూట చెప్పి ఉండాల్సింది. అలిగి మాట్లాడకుండా పడుకున్నాను. మర్నాడు కాళ్ళమీద పడి ఏడ్చాను. "నువ్వేమన్నావు, ఉన్నమాటే గదా," అంది ఆమె. తిట్టినా బాగుండేది.

నాలుగు నెలలకు ఇంకో స్కూలు నుంచి కార్డు వచ్చింది. పోస్టుమాన్ ఇవ్వబోతే అమ్మ చేతులు వెనక్కి పెట్టుకుని, "ఆ అరుగు మీద పెట్టు నాయనా, అమ్మాయి వచ్చి తీసుకుంటుంది," అందట. ఈసారి రోజు కుదిరింది. వస్తానని జవాబు రాసి, నేనే వెళ్ళి పోస్టు చేశాను.

ఇంటర్వ్యూ రోజు నేను లేచేసరికి ఇంట్లో ఎవరూ లేరు. అన్నం, పప్పు మూతపెట్టి ఉన్నాయి. తలుపు తీస్తే పక్కింటి పిన్ని తాంబూలం పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఉంది. "మీ అమ్మ నన్ను ఎదురు రమ్మంది. నీకు తను కనబడకూడదని చీకటితోనే పనికి వెళ్ళిపోయిందే," అంది.

ఆ ఉద్యోగం నాకు వచ్చింది. అమ్మ ఆ తరవాత తొమ్మిదేళ్ళు బతికింది. తను తప్పుకోబట్టే వచ్చిందని చివరిదాకా నమ్మింది. కాదమ్మా అని నేను ఏడ్చి చెప్పినప్పుడల్లా, నన్ను ఓదార్చడానికే సరేలే అనేది.