రబ్బరు మునుగుతుందా?

మా వదినని నేను మెచ్చుకోగా మా ఇంట్లో ఎవరూ చూడలేదు. ఆడపడుచు అర్ధమొగుడు అంటారు కదా, ఆ పరువు నేనూ నిలబెట్టుకోవాలి. కానీ ఆ టబ్బు సంగతి చెప్పాలంటే మెచ్చుకోక తప్పేట్టు లేదు.

వదిన మూడో తరగతికి సైన్సు చెబుతుంది. అదే బడిలో పక్క గదిలో నేను లెక్కలు చెబుతాను. మా మధ్య ఉన్నది పేరుకే గోడ. అటువైపు పిల్లలు "తేలిందోయ్!" అని అరిస్తే ఇటువైపు నా పిల్లలు ఎక్కం మధ్యలో ఆగిపోతారు. నేను గోడ మీద డస్టరుతో కొడతాను. వదిన పట్టించుకోదు. ఇంట్లోనూ అంతే.

అరిచేంత పని ఏముందంటే, టబ్బు నిండా నీళ్లు, బల్ల మీద మేకు, కొవ్వొత్తి ముక్క, చెక్క ముక్క, తాళంచెవి, బంకమట్టి ఉండ, కమలాపండు. ప్రతి పిల్ల చేతిలో ఒక షీటు. అందులో వదిన స్కేలు పెట్టి గీసిన పట్టిక: వస్తువు, నా ఊహ, జరిగింది, ఎందుకు. ముందు ఊహ రాయాలి. ఆ తరవాతే వస్తువుని నీళ్లలో వదలాలి. చూసింది చూసినట్టు మూడో గడిలో రాయాలి. అంతే పని.

మొదటిసారి చేయించిన రోజు షీట్లన్నీ చూసి హెడ్మాస్టారు ఉబ్బితబ్బిబ్బయ్యారు. ప్రతి పిల్లదీ ప్రతి ఊహా సరైనదే! ఒక్కటీ తప్పు పోలేదు. "ఏం తరగతమ్మా ఇది! ఆఫీసరుగారు వచ్చే వారం తనిఖీకి వస్తున్నారు, ఇవే గోడకి అంటించండి" అన్నారు. వదిన ఆ సాయంత్రం నేల మీద నడవలేదు. ఆ సంబరంలో మా అన్నయ్య కాఫీలో పంచదార రెండుసార్లు వేసింది.

నాకెందుకో నమ్మబుద్ధి కాలేదు. లెక్కల టీచర్ని కదా, అందరికీ అన్నీ సరిగ్గా వస్తే ముందు అనుమానం వస్తుంది.

"వదినా, మట్టి ఉండ మునిగిందని రాశారు సరే. అదే మట్టిని గిన్నెలా చేస్తే తేలుతుందని కూడా అందరూ ముందే ఊహించేశారా? నేనైతే ఊహించను."

వదిన ఒక షీటు తీసి కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంది. 'నా ఊహ' గడి నిండా బూడిదరంగు మరకలు. 'మునుగుతుంది' అని రాసి, చెరిపి, దాని మీదే 'తేలుతుంది' అని రాశారు. ఇంకో షీటు తీసింది. అదీ అంతే. మా 'రబ్బరు పిల్ల' షీటుకైతే ఆ గడిలో చిల్లే పడింది. ఆ పిల్ల చేతిలో పెన్సిలు లేకపోయినా రబ్బరు మాత్రం ఉంటుంది, అందుకే ఆ పేరు.

"అయ్యో! ఇవన్నీ జరిగాక రాసిన ఊహలే!" అంది వదిన. "నేనే సరిగ్గా చెప్పలేదు."

మర్నాడు వెళ్లి హెడ్మాస్టారికి ఉన్నదున్నట్టు చెప్పేసింది. తోడుగా నేనూ వెళ్లాను, అంటే తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన తల పట్టుకున్నారు.

"అమ్మా, పిల్లలు తప్పులు రాసిన కాయితాలు ఆఫీసరు చేతిలో పెడతారా? బాగున్నవి ఉన్నాయి కదా, వాటినే ఉండనివ్వండి."

"అవి బాగాలేవు సార్. చెరిపేసినవి."

"సరే, మీ ఇష్టం. ఆ ఆఫీసరు మేడమ్ ముందు తరగతి నవ్వులపాలైతే మాత్రం ఆ టబ్బు స్టోరురూముకే. మళ్లీ బోర్డు చూసి రాసుకోవడమే."

వదినకి ఆ టబ్బంటే ప్రాణం. బయటికొచ్చాక "ఆ మాట వెనక్కి తీసుకో, ఇప్పటికైనా" అన్నాను. "తీసుకోను" అంది. మొండిది. మా అన్నయ్య ఎలా వేగుతున్నాడో!

ఆ వారమంతా షీటు పెన్నుతోనే. రబ్బర్లన్నీ బిస్కెట్ల డబ్బాలోకి పోయాయి. ఊహ తప్పయితే మార్కులు పోవని, చెరిపితేనే పోతాయని వదిన చెప్పింది. పిల్లలు మెల్లగా దారికొచ్చారు. రబ్బరు పిల్ల మాత్రం ఊహ గడి ఖాళీగా వదిలేసేది. తన రబ్బరు డబ్బాలో వేయకుండా గుప్పిట్లోనే దాచుకుంది.

"ఏదో ఒకటి రాయమ్మా" అంటే, "తప్పయితే నాన్న తిడతారు టీచర్" అనేది.

ఆఫీసరుగారు రానే వచ్చారు. నా పిల్లలకి లెక్కలిచ్చి నేనూ వదిన గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ షీట్లు తిరగేశారు. ఊహల గడుల్లో సగానికి సగం తప్పులు. హెడ్మాస్టారు రుమాలుతో మెడ తుడుచుకోవడం మొదలుపెట్టారు.

"ఇన్ని తప్పులేంటమ్మా?"

అప్పుడు వదిన ఏ ధైర్యంతో చేసిందో గానీ, ఒక ఖాళీ షీటూ పెన్నూ ఆవిడ చేతిలో పెట్టింది.

"మీరూ ఒకసారి చూడండి మేడమ్. ఈ కమలాపండు తొక్కతో ఉంటే తేలింది. తొక్క వలిచేస్తే?"

"తొక్క తీస్తే బరువు తగ్గుతుంది కదా, ఇంకా బాగా తేలుతుంది" అంటూ ఆవిడ 'తేలుతుంది' అని గుండ్రంగా రాశారు. వదిన పండు వలిచి నీళ్లలో వదిలింది. అది నేరుగా అడుక్కి పోయి కూర్చుంది.

ఆవిడ చెయ్యి దానంతటదే సంచిలోకి వెళ్లింది. వైట్‌నర్ బయటికి తీశారు.

"చెరపకూడదు మేడమ్!" అని తరగతి మొత్తం ఒక్కసారిగా అరిచింది. హెడ్మాస్టారు కళ్లు మూసుకున్నారు. నేను కూడా.

కళ్లు తెరిచేసరికి ఆఫీసరుగారు నవ్వుతున్నారు. మామూలు నవ్వు కాదు, కళ్లద్దాలు తీసి తుడుచుకునేంత నవ్వు. "మరి ఎందుకు మునిగింది?" అని బల్ల మీదికి వంగారు. వదిన తొక్కని నీళ్లలో ముంచి పిండింది. బుడగలు పైకి లేచాయి.

"గాలి! తొక్కలో గాలుంది!" ముందు వరస పిల్లలు గంతులేశారు. ఆవిడ బుద్ధిగా నాలుగో గడిలో 'తొక్కలో గాలి' అని రాసుకుని, షీటు మడిచి సంచిలో పెట్టుకున్నారు. "ఈ తప్పు నా దగ్గరే ఉంటుంది. టబ్బు ఇక్కడే ఉండనివ్వండి మాస్టారూ" అన్నారు. ఆయన "నేను మొదటినుంచీ అదే అంటున్నాను కదండీ" అన్నారు. ఎంత పెద్దమనిషో!

పిల్లలందరూ టబ్బు చుట్టూ మూగారు. నాకు గోడ అవతల నా తరగతి గుర్తే లేదు, వదిన భుజం పట్టుకుని ఊపేస్తున్నాను. అప్పుడే రబ్బరు పిల్ల షీటు పట్టుకుని ముందుకొచ్చింది. వస్తువులన్నీ అయిపోయిన తరవాత, అడుగున ఒక కొత్త వరస తనే గీసుకుంది. వస్తువు: రబ్బరు. నా ఊహ: తేలుతుంది. పెన్నుతో, గట్టిగా నొక్కి రాసింది.

గుప్పిట విప్పి నీళ్ల మీద పట్టుకుంది. చాలాసేపు అలాగే పట్టుకుంది. ఎవరూ తొందరపెట్టలేదు. చివరికి వదిలింది.

రబ్బరు మునిగిపోయింది.

ఆ పిల్ల టబ్బు అడుక్కి చూసింది, షీటు చూసింది, వదిన మొహం చూసింది. తరవాత "టీచర్! నాది తప్పయింది!" అని గది అదిరేలా అరిచి, మూడో గడిలో 'మునిగింది' అని రాసింది.

గంట కొట్టాక వదిన నీళ్లలో చెయ్యి పెట్టి రబ్బరు తీసి ఇవ్వబోతే, "దాన్ని డబ్బాలో వేసేయండి టీచర్" అంది. "ఈ షీటు ఇంటికి తీసుకెళ్లి నాన్నకి చూపిస్తా. ఆయన కూడా తేలుతుందనే అంటారు, చూడండి!"